పదహారు బంతులు, ఒక్క గోనెసంచి

ఈయన గురక మొదలైంది. చిన్నోడి హోంవర్క్ గొడవా తీరింది. నాకే ఇవాళ్టి ఏడో క్లాసు ఆటల పీరియడ్ మింగుడుపడటం లేదు.

నలభై నిమిషాల్లో మెట్లు దిగి గ్రౌండ్‌లో నిలబడేసరికే ఆరు పోయాయి. పోనీ అది మామూలే. బంతులు పంచడానికి ఇంకో ఏడు! సంచి మూతి విప్పానో లేదో, అరవై నాలుగు మందీ దాని మీదే. పదహారింట్లో నాలుగు కొత్తవి, కొట్లాటంతా ఆ నాలుగింటి కోసమే. గాలి తగ్గింది దొరికినవాడు మార్చమని మళ్లీ నా దగ్గరికి. పక్కన కబడ్డీ ఆడిస్తున్న సారు విజిల్ ఊదితే నా పిల్లలు ఆగిపోతారు, నేను ఊదితే ఆయన పిల్లలు.

అందుకే ఇంటికొచ్చి ఒక విజిల్ కోడ్ రాశాను. ఒకటి ఊదితే మొదలు, రెండు ఊదితే చోటు మారాలి, మూడు ఊదితే దగ్గరికి రావాలి. రాసుకుని మురిసిపోయాను కూడా.

అంతలో గాజువాకలో మా డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన విజిల్ ఆపడానికే. మొదలుపెట్టాలంటే చెయ్యెత్తి "కానీయండి" అనేవారు, అంతే. ఎండ తన మొహాన పడేలా నిలబడేవారు, మేం కళ్లు చిట్లించకుండా. సాయంత్రం పీరియడైతే సముద్రం గాలి వీపుకి తగిలేలా తిరిగేవారు, మాట మా వరకూ రావడానికి. అప్పట్లో ఫోజు కొడుతున్నారనుకునేవాళ్లం. ఆట చెప్పడం పూర్తయ్యేదాకా ఒక్క బంతి కూడా చేతికిచ్చేవారు కాదు. చేతిలో బంతి పడ్డాక పిల్లలకి చెవులుండవు మరి.

ఆ కాగితం చింపేశాను. రెండు విజిళ్లు మోగే గ్రౌండ్‌లో చివరనున్న పిల్లకి మూడులో రెండే వినబడతాయి. ఒక్కటే పొడుగ్గా ఊదుతా. అప్పుడు బంతి నేలమీద, పాదం బంతిమీద. ఆ సారుది గింజ విజిల్, గరగరమంటుంది. నేను గింజ లేనిది కొంటాను, దాని మోత సూటిగా ఉంటుంది, తేడా తెలుస్తుంది.

అసలు తంటా సంచిది. కంచరపాలెం సైకిల్ షాపులో నాలుగు పాత టైర్లు అడగాలి. నాలుగు మూలలా ఒక్కో టైరు, ఒక్కోదాన్లో నాలుగు బంతులు, అందులో ఒకటి కొత్తది. గాలి ముందురోజే కొట్టేయాలి. నలుగురేసి పదహారు జట్లు, టైరుకి నాలుగు జట్లు. జట్టుకొక్కరే వెళ్లి తెస్తారు, ఆ ఒక్కరే తిరిగి పెడతారు. చివర్లో ఏ టైర్లోనైనా మూడే కనబడితే ఆ నాలుగు జట్లనే అడిగితే చాలు, క్లాసంతటినీ నిలబెట్టక్కర్లేదు.

ముందు పీరియడ్ ఖాళీ లేనిరోజు ఇవన్నీ ఎవరు సర్దుతారో మాత్రం తేలలేదు. లీడర్లని రెండు నిమిషాల ముందు పంపమంటే లెక్కల మేడం ఒప్పుకోదు. రేపు అడుగుతాను, ఎలాగూ కసురుతుంది.