పద్దెనిమిదో కిలోమీటర్ దగ్గర భుజాలు

ఈ ఆదివారం విజయనగరం నుంచి రామతీర్థం దాకా పరుగెత్తి, పరుగు మీదే తిరిగొస్తుంటే, నెల్లిమర్ల దాటాక, సుమారు 18వ కిలోమీటర్ దగ్గర, వెనక సైకిల్ మీద వస్తున్న తమ్ముడు "అన్నా, భుజాలు చెవులకి అంటుకుంటున్నాయి, చేతులు ఛాతీకి అడ్డంగా పోతున్నాయి" అన్నాడు. నిజమే. పిడికిళ్లు బిగిసిపోయి ఉన్నాయి. చేతులు అడ్డంగా ఊగితే నడుము కూడా అటూ ఇటూ తిరుగుతుంది, ముందుకు పోవాల్సిన బలం అలా పక్కలకి పోతుంది.

పరుగు ఆపకుండానే రెండు చేతులూ కిందికి వదిలేసి పది అడుగుల పాటు విదిలించాను, గట్టిగా ఊపిరి వదిలాను, భుజాలు వాటంతటవే దిగాయి. తర్వాత మోచేతులు మడిచి, వాటిని వెనక్కి నెట్టడం మీదే ధ్యాస పెట్టాను, ముందుకు అవే వస్తాయి. చూపు కాళ్ల మీంచి తీసి రోడ్డు మీద ముందుకు పెట్టగానే వంగిన నడుము లేచింది. అయితే ఐదారు నిమిషాలకే మళ్లీ బిగుసుకుంటున్నాయి, అందుకే ప్రతి కిలోమీటర్ రాయి దగ్గరా ఒకసారి విదిలించుకుంటూ ఊళ్లోకి వచ్చాను.