సుధానిలయం: మా కొత్త ఇంటి నేమ్‌ప్లేట్ రాయించిన అనుభవం

కొత్త ఇంటికి తమ్ముడు ‘స్ఫూర్తి’ అన్న పేరు చెప్పాడు. మంచి మాటే. కానీ వత్తులున్న పేరుకి కింద ఇంకో వరస చోటు కావాలి. ప్లేట్ ఎత్తు పెరగదు కాబట్టి అక్షరాలన్నీ చిన్నవి చేయాలి, అప్పుడు గేటు బయట నుంచి చదవలేం. పైగా దాన్ని ‘స్పూర్తి’ అని రాసేవాళ్లు చాలామంది. చివరికి అమ్మ పేరు మీద ‘సుధానిలయం’ అనుకున్నాం. అందులో కింద వేలాడే వత్తు ఒక్కటీ లేదు.

‘సుధ నిలయం’ అనాలా, ‘సుధానిలయం’ అనాలా అని ఇంట్లో కాసేపు వాదన నడిచింది. విడిగా అయితే సుధ. సంస్కృత సమాసంలో ముందు వస్తే దీర్ఘం ఉంటుంది. విద్యాసంస్థ, కళాకారుడు అంటాం కదా, అలాగే. సమాసం కనుక మధ్యలో ఖాళీ కూడా వద్దన్నాం. కింద ఇంగ్లిష్ వరసలో మాత్రం అమ్మ కాగితాల్లో ఉన్న స్పెల్లింగే ఉంచి, చదవడానికి వీలుగా రెండు మాటలుగా విడదీశాం.

అసలు టెన్షన్ డిజైన్ దగ్గర మొదలైంది. నేను ఫోన్‌లో టైప్ చేసి పంపిన పేరు యూనికోడ్‌లో ఉంటుంది. డిజైనర్ వాడేది పాత తెలుగు ఫాంట్. దానికి ఆ టెక్స్ట్ అర్థం కాదు కాబట్టి ఆయన మళ్లీ చేత్తో టైప్ చేశారు. వచ్చిన ప్రూఫ్‌లో ‘సుదా నిలయం’ అని ఉంది. ఒత్తు ధ పోయింది, ఖాళీ వచ్చింది. ఇంట్లో ముగ్గురు చూసి బాగుందన్నారు! తెలిసిన పేరైతే కన్ను అక్షరాలు చూడదు, పేరునే చూస్తుంది. అందుకే తర్వాతి ప్రూఫ్‌ని చివరి నుంచి మొదటికి ఒక్కో అక్షరం చదివాను. అప్పుడే ధ కింద గీత ఉందో లేదో తెలుస్తుంది.

ఈసారి ధ ఉంది గానీ, దాని కింద గీత వెంట్రుకలా సన్నగా ఉంది. చెక్కి రంగు నింపితే అది పూడిపోతుంది. ఆ గీత కూడా అక్షరమంత మందంగా ఉండే బోల్డ్ ఫాంట్ అడిగాం. స్టీల్ అక్షరాలు విడిగా కోసి అతికించే పద్ధతి వద్దన్నది కూడా ఇలాంటి కారణానికే. చాలా ఫాంట్లలో స తలకట్టు అక్షరానికి అంటుకోదు. అది వేరే ముక్కగా వస్తుంది, వంకరగా అతకచ్చు, ఊడిపోవచ్చు. ఒకే పలక మీద చెక్కిస్తే ఆ బాధ లేదు.

ప్రూఫ్‌ని అసలు సైజులో కాగితాల మీద ప్రింట్ తీసి గోడకి అంటించి, రోడ్డు మీద నుంచి చూశాం. పక్కింటి బాబుతో పేరు చెప్పకుండా చదివించాం. తర్వాత అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంట్‌తో పనిలేని గీతల బొమ్మలుగా మార్చిన ఫైల్ నుంచి ఇంకో ప్రూఫ్ తెప్పించుకున్నాం. అలా మార్చాక వేరే కంప్యూటర్‌లో తెరిచినా ఫాంట్ మారదు. చెక్కేవాళ్లకి వెళ్లింది ఆ ఫైలే. దాని కాపీ మా దగ్గరా ఉంది, ఎప్పుడైనా ప్లేట్ మార్చాల్సి వస్తే మళ్లీ టైప్ చేయించే పని ఉండదు.