అట్టెన్యుయేటర్ పెడితే స్టేషన్ ఎలా బయటపడింది? ఐపీ3 లెక్కల్లో నా తప్పులు

ఇంటర్‌మాడ్యులేషన్ ఫార్ములాలు నాకు కంఠతా వచ్చు, మార్కులు మాత్రం వచ్చేవి కావు. కారణం ఒక మాక్ టెస్టు ప్రశ్నలో తేలింది. రిసీవర్ ఇన్‌పుట్ ఐపీ3, అంటే బలమైన సిగ్నళ్లను అది ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే కొలత, మైనస్ 10 డీబీఎం. దగ్గరలోని రెండు ట్రాన్స్‌మిటర్లు 145.2, 145.6 మెగాహెర్ట్జ్‌ల మీద ఉన్నాయి, ఒక్కొక్కటి యాంటెనా దగ్గర మైనస్ 30 డీబీఎం బలంతో అందుతోంది. మనం వినాలనుకున్న స్టేషన్ 144.8 మీద, మైనస్ 85 డీబీఎం. రిసీవర్ ముందు 10 డీబీ అట్టెన్యుయేటర్ పెడితే వినికిడి మెరుగవుతుందా, చెడుతుందా?

బలహీనమైన సిగ్నల్‌ను ఇంకా తగ్గిస్తే మెరుగవడం ఏమిటని, చెడుతుందనే గుర్తు పెట్టాను. తప్పు.

ముందు ఫ్రీక్వెన్సీ సంగతి. రిసీవర్ ముందు దశ పూర్తిగా లీనియర్ కాదు, దాని ప్రవర్తనలో ఘన పదం కొంత ఉంటుంది. రెండు సిగ్నళ్లు కలిసి ఆ పదంలోకి వెళితే 2f1−f2, 2f2−f1 పుడతాయి. ఇక్కడ 2×145.2 నుంచి 145.6 తీసేస్తే సరిగ్గా 144.8. అంటే గాలిలో లేని సిగ్నల్ మన రిసీవర్‌లోనే పుట్టి, మనకు కావలసిన చోటే కూర్చుంది. తర్వాత ఎంత సన్నని ఛానెల్ ఫిల్టర్ పెట్టినా దాన్ని తీయలేదు, ఎందుకంటే అది ఛానెల్ లోపలే ఉంది. ముందు ఫిల్టర్ పెడదామంటే ఆ రెండు బలమైన సిగ్నళ్లూ ఒక మెగాహెర్ట్జ్‌లోపే ఉన్నాయి.

ఇక బలం. నేను తప్పటడుగు వేసింది ఇక్కడే. ఇన్‌పుట్ వైపు చూసిన లెక్క ఇది, ఇందులో P1 రెండుసార్లు వచ్చే సిగ్నల్ బలం, P2 రెండోదాని బలం, IIP3 ఇన్‌పుట్ ఐపీ3:

```
P_IM3 = 2*P1 + P2 - 2*IIP3
```

విలువలు వేస్తే మైనస్ 60, మైనస్ 30, ప్లస్ 20, మొత్తం మైనస్ 70 డీబీఎం. మన స్టేషన్ మైనస్ 85 కాబట్టి 15 డీబీ కింద మునిగి ఉంది. అట్టెన్యుయేటర్ పెట్టాక రిసీవర్‌కు చేరే బలమైన సిగ్నళ్లు మైనస్ 40. ఇప్పుడు దొంగ సిగ్నల్ మైనస్ 100కు పడిపోతుంది, అంటే 30 డీబీ తగ్గింది. మన స్టేషన్ తగ్గింది 10 మాత్రమే, మైనస్ 95 దగ్గర ఉంది. 15 డీబీ కింద ఉన్నది 5 డీబీ పైకి వచ్చేసింది.

ఉచితంగా రాలేదు లెండి. పది కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్, 6 డీబీ నాయిస్ ఫిగర్ అనుకుంటే నాయిస్ ఫ్లోర్ మైనస్ 128. అట్టెన్యుయేటర్ వల్ల యాంటెనా వైపు నుంచి చూస్తే అది దాదాపు మైనస్ 118 అవుతుంది. మన స్టేషన్ అంతకంటే చాలా పైన ఉంది కనుక ఇబ్బంది లేదు. అదే మైనస్ 120 డీబీఎం స్టేషన్ అయితే ఈ ఉపాయం పనికిరాదు.

నా రెండో తప్పు, రెండు సిగ్నళ్లూ ఎప్పుడూ సమానమే అనుకోవడం. 145.6 దానిని మైనస్ 40కి మార్చి అడిగితే తడబడ్డాను. పై సూత్రంలో రెట్టింపు పడేది ఎవరికో చూడాలి. 144.8 మీద 145.2 రెండుసార్లు వస్తుంది కాబట్టి జవాబు మైనస్ 80. అవతలి వైపు 146.0 మీద 145.6 రెండుసార్లు వస్తుంది, అక్కడ మైనస్ 90. బలమైన సిగ్నల్ పక్కనున్న ఉత్పత్తే బలంగా ఉంటుందని గుర్తుంచుకుంటే జవాబు సరిచూసుకోవచ్చు.

ఔట్‌పుట్ ఐపీ3 ఇచ్చిన ప్రశ్నలో ముందే గెయిన్ తీసేసి ఇన్‌పుట్ వైపుకు తెచ్చుకోండి. ఇది మరచి నేను పోగొట్టుకున్న మార్కులు లెక్కపెట్టలేదు.

ఇంకొకటి, ఐపీ3 నిజంగా చేరుకునే బిందువు కాదు. బలహీనమైన సిగ్నళ్ల దగ్గర అసలు సిగ్నల్‌కూ, దొంగ సిగ్నల్‌కూ గీసిన రెండు సరళరేఖలను పొడిగిస్తే అవి కలిసే చోటు అది. ఘన పదం ఒక్కటే ఉన్న నమూనాలో, ఒక డీబీ కంప్రెషన్ బిందువు దానికి 9.6 డీబీ కిందే వచ్చేస్తుంది. అక్కడికి దగ్గరపడితే ఇన్‌పుట్ ఒక డీబీ మారితే దొంగ సిగ్నల్ మూడు మారే ఒకటికి మూడు అనే వాలు చెడిపోతుంది, పెద్ద సిగ్నళ్లతో కొలిచి పొడిగిస్తే తప్పుడు ఐపీ3 వస్తుంది.

ఆ వాలే ఒక పరీక్ష కూడా. 10 డీబీ అట్టెన్యుయేటర్ పెట్టినప్పుడు 144.8 మీది అంతరాయం 30 డీబీ వరకు తగ్గితే అది మన రిసీవర్‌లోనే పుట్టింది. కేవలం 10 తగ్గితే ఆ సిగ్నల్ నిజంగానే బయట ఉంది, బహుశా ఆ ట్రాన్స్‌మిటర్ల దగ్గరే కలిసి పుట్టి గాలిలో వస్తోంది. అప్పుడు మన రిసీవర్‌కు ఎంత మంచి ఐపీ3 ఉన్నా లాభం లేదు. తర్వాతి మాక్ టెస్టులో ఈ రెండో రకం ప్రశ్న వచ్చింది, ఈసారి తప్పలేదు.