ఒక్క వేలితో చూపించగలిగే నొప్పి

సిజేరియన్ అయి ఏడాది గడిచాక, అడ్డకోత కుడి చివర నొప్పి మొదలైంది. మచ్చ చక్కగానే మానింది. ఎరుపు లేదు, చీము లేదు. కానీ పక్కకు తిరిగి పడుకుంటే, మంచం మీంచి లేస్తే, ఒక్కోసారి గట్టిగా తుమ్మినా సూదితో పొడిచినట్టు చురుక్కుమనేది. తర్వాత మంట తొడ మొదటి దాకా పాకేది. నడుము దగ్గర బట్ట కాస్త బిగుతుగా ఉంటే ఆ రోజంతా చిరాకే.

రెండేళ్లపాటు అందరూ ఒకటే మాట: "లోపల పేగులు అతుక్కుని ఉంటాయి." నేనూ నమ్మేశాను. రెండుసార్లు స్కానింగ్ తీశారు, ఏమీ లేదన్నారు. అతుకులు స్కాన్‌లో సాధారణంగా నేరుగా కనిపించవట, కాబట్టి ఆ అనుమానం తీరలేదు. చివరికి ఒక సర్జన్ చిన్న గాట్లలోంచి కెమెరా పెట్టి చేసే లాపరోస్కోపీతో అతుకులు కోసేద్దామన్నారు. తేదీ కూడా దాదాపు ఖాయమైంది. భయమేసి ఇంకొకరికి చూపించుకున్నాను.

ఆవిడ రిపోర్టులు పక్కన పెట్టి, "నొప్పి ఎక్కడో అరచేత్తో కాదు, ఒక్క వేలితో చూపించండి" అన్నారు. చూపించాను. నా వేలు కదలకుండా మచ్చ చివరే ఆగింది. ఆవిడ చిన్నగా తలూపారు.

నన్ను వెల్లకిలా పడుకోబెట్టి అదే చోట వేలితో నొక్కారు. నొప్పి తెలుస్తుండగానే, చేతులు ఛాతీ మీద పెట్టుకుని తలా భుజాలూ పైకి లేపమన్నారు. లేపగానే "అమ్మా!" అన్నాను, నొప్పి రెట్టింపైంది. దీన్ని కార్నెట్ పరీక్ష అంటారట. పొట్ట కండరాలు బిగిస్తే అవి లోపలి అవయవాలకు డాలులా అడ్డుపడతాయి. నొప్పి లోపలిదైతే వేలి నొక్కుడు అంతగా తగలదు కాబట్టి తగ్గాలి. తగ్గకపోగా పెరిగిందంటే నొప్పి పొట్ట గోడలోనే ఉందని గట్టి సూచన.

అంటే అతుకుల అనుమానం వెనక్కి పోయింది. మచ్చ దగ్గర నరం ఇరుక్కుని ఉండొచ్చన్నారు. కానీ హెర్నియా కూడా గోడలోదే కదా! ఈ పరీక్ష నరాన్నీ హెర్నియానీ విడదీయదు. అందుకే ఆవిడ నన్ను నిలబెట్టి దగ్గించారు, మచ్చ పొడుగునా వేళ్లు ఆనించి ఉబ్బు వస్తుందేమో చూశారు. మళ్లీ అల్ట్రాసౌండ్ కూడా రాయించారు, కానీ ఈసారి నిలబడి, ఊపిరి బిగబట్టి ముక్కుతూ తీయించుకోమన్నారు. పడుకుని తీస్తే చిన్న హెర్నియా లోపలికి జారిపోయి దొరక్కపోవచ్చట. నా రెండు పాత స్కాన్లూ పడుకుని తీసినవే. ఈసారీ ఏ సందూ కనిపించలేదు.

నాకు బాగా గుర్తుండిపోయింది దూదితో చేసిన పరీక్ష. స్పిరిట్ దూదితో ఎడమ వైపు రాస్తే చల్లగా అనిపించింది. కుడి వైపు మచ్చ కింద ఒక అరచేయి మేర మొద్దుబారినట్టుంది, దాని అంచున మాత్రం దూది తగిలినా మంట. చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి గిల్లితే కుడివైపు ఓర్చుకోలేకపోయాను. నరం పాడైందనడానికి ఇది మంచి ఆధారం అన్నారు. ఇలాంటి అడ్డకోత చివర్ల దగ్గరే ఇలియోఇంగ్వైనల్, ఇలియోహైపోగాస్ట్రిక్ అనే నరాలు వెళతాయట. కుట్టులోనో, మచ్చ గట్టిపడ్డప్పుడో అవి ఇరుక్కుంటాయి.

తేల్చింది మాత్రం ఇంజెక్షనే. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ నరం పక్కన మొద్దుబార్చే మందు లిగ్నోకేయిన్ 5 మి.లీ. ఎక్కించారు. పది నిమిషాలయ్యాక దగ్గమన్నారు. భయంభయంగా దగ్గాను. ఏమీ లేదు! లేచి నడిచాను, వంగాను, నవ్వొచ్చింది. మూడు గంటలకల్లా నొప్పి మళ్లీ వచ్చేసింది. ఫోన్ చేసి దాదాపు ఏడ్చాను. "తిరిగి వస్తుందనే అనుకున్నాను. మందు పనిచేసినంతసేపూ పోయింది కదా, మనకు కావలసింది ఆ జవాబే" అన్నారావిడ.

అతుకుల సంగతి కూడా అడిగాను. పొట్ట ఆపరేషన్ అయినవాళ్లలో చాలామందికి అతుకులు ఉంటాయట, వాటితో బాధపడేవాళ్లు మాత్రం తక్కువ. పేగు ఇరుక్కుంటే మెలిపెట్టే నొప్పి, ఉబ్బరం, వాంతులు వస్తాయి, గ్యాస్ కూడా పోదు. నాకు అవేవీ లేవు. 2003లో నెదర్లాండ్స్‌లో 100 మందితో చేసిన అధ్యయనం గురించి చెప్పారు. అందరికీ లాపరోస్కోపీ చేసి, సగం మందికే అతుకులు కోశారట. ఏడాది తర్వాత రెండు గుంపుల్లోనూ నొప్పి ఒకేలా తగ్గిందట. అది విన్నాక నా తేదీ రద్దు చేయించుకున్నాను.

తర్వాత స్టిరాయిడ్ కలిపి ఇంజెక్షన్ మూడుసార్లు ఇచ్చారు. మొదటిది రెండు వారాలే నిలిచింది, రెండోది ఆరు వారాలు. మూడోది ఇచ్చి ఎనిమిది నెలలైంది. నరాల నొప్పికి రాత్రి వేసుకున్న అమిట్రిప్టిలిన్ మాత్ర చిన్న మోతాదుతో నిద్ర పట్టింది కానీ పొద్దున్నే నోరు ఎండిపోయేది, దాన్ని మానేశాం. మళ్లీ వస్తే నరాన్ని కోసేసే ఆపరేషన్ ఉందన్నారు. దాంతో మొద్దుబారడం శాశ్వతం కావచ్చట, నొప్పి పోతుందన్న గ్యారంటీ కూడా లేదట, అందుకని ఇప్పటికి వద్దనుకున్నాం.

ఇప్పటికీ వాన ముసురులో కుడిచివర కాస్త జివ్వుమంటుంది. అప్పుడు వేలు పెట్టి నొక్కి, తల లేపి చూసుకుంటాను.