మ్యాప్‌లో మా కొట్టుకు యజమాని ఎవడో

గూగుల్ మ్యాప్‌లో మా కొట్టు వెరిఫికేషన్ అయిపోయిందని నిన్న సాయంత్రం మెయిల్ వచ్చింది. కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. అది చల్లారేలోపే రాసేస్తే నయమనిపించింది.

తెనాలి బోస్ రోడ్డు నుంచి పక్కకు తిరిగే సందులో మాది చిన్న మ్యాచింగ్ సెంటర్. లైనింగులు, ఫాల్స్, జాకెట్టు ముక్కలు, లేసులు, హుక్కులు అమ్ముతాం. ఊళ్ళో వాళ్ళకి దారి చెప్పక్కర్లేదు. పక్క ఊళ్ళ నుంచి చీర పట్టుకుని వచ్చేవాళ్ళే ఫోన్ చేసి దారి అడుగుతుంటారు. ఒకరోజు దుగ్గిరాల నుంచి వచ్చినావిడ, "మ్యాప్‌లో ఉన్న నెంబరుకి ఎంతసేపు చేసినా ఎత్తరేంటండీ?" అని కోప్పడింది. నాకేమీ అర్థం కాలేదు. మేము మ్యాప్‌లో కొట్టు పెట్టిందే లేదు.

గూగుల్ మ్యాప్‌లో వెతికితే నిజంగానే ఉంది. పేరు మాదే, సందు మాదే. ఫోన్ నెంబరు మాత్రం ఎవరిదో. పేరు వెనకాల "లో ప్రైస్ బెస్ట్ మ్యాచింగ్ ఇన్ తెనాలి" అని ఓ తోక కూడా తగిలించి ఉంది. మా అత్తయ్యని అడిగితే సంగతి బయటపడింది. నేను పుట్టింటికి వెళ్ళినప్పుడు ఒక కుర్రాడు వచ్చి, "అమ్మా, మీ షాపుని ఫ్రీగా మ్యాప్‌లో పెడతాం" అని ఫొటోలు తీసుకుని, కొట్టు ఫోన్‌కి వచ్చిన కోడ్ చదివించుకుని వెళ్ళాడట. ఆవిడ తప్పేం లేదు, ఫ్రీ అంటే ఎవరైనా సరే అంటారు. కానీ ఆ కోడ్ చెప్పడమంటే కొట్టు తాళం చేతిలో పెట్టడమే. వెరిఫికేషన్ వాడి మెయిల్ మీద జరిగిపోయింది. ఆ తర్వాత మా నెంబరు తీసేసి తనది పెట్టుకున్నాడు.

ఆ నెంబరుకి వేరే ఫోన్ నుంచి చేస్తే రెండో రింగుకే ఎత్తాడు. "మేడమ్, అది మా డాష్‌బోర్డులో ఉంది. యాక్సెస్ కావాలంటే ఇయర్లీ ప్యాకేజీ తీసుకోవాలి" అన్నాడు. మా కొట్టు మీ దాంట్లో ఎందుకుందయ్యా అంటే నవ్వాడు. "ఇవన్నీ మీకు అర్థం కావు మేడమ్, సర్‌కి ఇవ్వండి ఫోన్." ఆ ఒక్క మాటకే ఒళ్ళు మండిపోయింది. కొట్టు లెక్కలు, సరుకు, అప్పులు అన్నీ చూసుకునేది నేను. మా వారికి లైనింగుకీ ఫాల్‌కీ తేడా తెలియదు. ఫోన్ పెట్టేసి ఆ రాత్రి అంతా దీని గురించే చదివాను.

ఇలాంటి వాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వక్కర్లేదు. మ్యాప్‌లో మన కొట్టు పేరు తెరిస్తే సొంతదారుగా క్లెయిమ్ చేసుకునే చోటు ఉంటుంది. అప్పటికే వేరేవాళ్ళ చేతిలో ఉంటే వాళ్ళ మెయిల్‌లో మొదటి అక్షరాలు మాత్రం చూపించి, కింద Request access అని ఇస్తుంది. అది నొక్కి, మన పేరు, ఫోన్, కొట్టుతో మనకున్న సంబంధం నింపి పంపాలి. అవతలివాడికి మెయిల్ వెళ్తుంది. జవాబివ్వడానికి వాడికి 3 రోజుల గడువుంటుంది. ఏ జవాబూ రాకపోతే మనమే క్లెయిమ్ చేసుకునే దారి తెరుచుకోవచ్చు. అందరికీ తెరుచుకుంటుందని కాదు, నాకు తెరుచుకుంది. వాడికి ఎన్ని కొట్ల మెయిళ్ళు వస్తుంటాయో, చూసుకున్నట్టు లేడు. ఈలోగా కస్టమర్లు పోకుండా Suggest an edit నొక్కి నెంబరు తప్పని చెప్పొచ్చు. అది యజమానులే కాదు, ఎవరైనా చెప్పొచ్చు.

వివరాలు సరిచేయడం తేలికే. మ్యాచింగ్ సెంటర్ అనే కేటగిరీ దొరకలేదు, Fabric store పెట్టాను. పేరుకున్న తోక కత్తిరించేశాను. బోర్డు మీద ఏముందో మ్యాప్‌లోనూ అదే ఉండాలి. లేని మాటలు కలిపితే లిస్టింగ్ మొత్తాన్నే ఆపేసే ప్రమాదం ఉంది. పిన్ను మెయిన్ రోడ్డు మీద పడి ఉంటే, శాటిలైట్ బొమ్మ పెట్టుకుని మా రేకుల కప్పు మీదకి లాగాను. ఇది బద్ధకించకండి. పిన్ను సందు అవతల ఉంటే మనిషి అవతలి కొట్టుకే వెళ్తాడు.

ఇక వెరిఫికేషన్. ఏ పద్ధతి ఇవ్వాలో గూగుల్ వాళ్ళే నిర్ణయిస్తారు, మనం ఎంచుకోలేం. కొందరికి ఫోన్‌కి కోడ్ వస్తుంది, నాకు వీడియో వచ్చింది. మధ్యలో ఆపకుండా, ఎడిట్ చేయకుండా ఒకే బిగిన తీయాలి, కనీసం 30 సెకన్లుండాలి. అందులో మూడు సంగతులు కనబడాలి: కొట్టు ఎక్కడుందో, అక్కడ నిజంగా ఈ వ్యాపారమే నడుస్తోందో, తీస్తున్న మనిషికి దాని మీద అధికారం ఉందో లేదో.

పొద్దున్నే కొట్టు తెరిచే వేళకి మొదలుపెట్టాను. సందు మొగలో ఉన్న మందుల షాపు బోర్డు నుంచి నడుస్తూ, పక్కనున్న పచారీ కొట్టు బోర్డు చూపించి, మా బోర్డు ముందు ఆగాను. అక్షరాలు చదవగలిగేంత సేపు ఆగాలి, ఊరికే ఇలా తిప్పేస్తే మసకే వస్తుంది. ఒక చేత్తో ఫోన్, ఇంకో చేత్తో తాళం. మా షట్టరు రెండు చేతులతో ఎత్తినా మొరాయించే రకం. పచారీ కొట్టు బాబాయిగారు, "ఏంటమ్మా, సినిమా తీస్తున్నావా?" అంటూ లేచి వచ్చి ఎత్తబోయారు. "ఆగండి బాబాయిగారూ, నేనే ఎత్తాలి!" అని అరిచాను. టీ తాగుతున్న వాళ్ళంతా ఇటే చూశారు. మోకాలు ఆనించి ఎత్తాను. తాళం మన చేత్తో తియ్యడమే అసలు సాక్ష్యం, వేరేవాళ్ళు తెరిస్తే కొట్టు మనదని ఎలా తెలుస్తుంది? లోపల లైటు వేసి, రంగులవారీగా పేర్చిన లైనింగు తానులు, గజం కర్ర, గల్లా పెట్టె సొరుగు లాగడం, ట్రేడ్ లైసెన్సు కాగితం చూపించి ఆపేశాను. మొహాలు చూపించక్కర్లేదు. బ్యాంకు కాగితాలు, ఆధార్ లాంటివి వీడియోలో పడనివ్వకండి.

వీడియో పంపాక చూడటానికి 5 పనిదినాల దాకా పట్టొచ్చు. ఆ మధ్యలో పేరూ అడ్రసూ కెలకలేదు. అవి మారిస్తే మళ్ళీ వెరిఫై చేయమనే అవకాశం ఉంది.

మెయిల్ రాగానే చేసిన మొదటి పని People and access తెరిచి చూడటం. మీరూ తప్పకుండా చూడండి. పాత మెయిల్ ఏదైనా మేనేజరుగా మిగిలిపోయి ఉంటే తీసేయండి. తర్వాత మధ్యాహ్నం కొట్టు మూసే టైము పెట్టాను. పండగలకి ప్రత్యేక టైములు వేరేగా పెట్టుకోవచ్చు. రివ్యూలు అడగండి, తప్పు లేదు. కానీ రివ్యూ రాస్తే డిస్కౌంటు ఇస్తామని మాత్రం అనొద్దు, అది నిబంధనలకి విరుద్ధం.

ఇవాళ పొద్దున ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. "మేడమ్, మీ లిస్టింగ్ మా దగ్గర నుంచి పోయింది, ఏమైనా చేశారా?" అని. "సర్‌కి ఇస్తానుండు" అని మా వారికి ఇచ్చాను. ఆయన, "నాకివన్నీ అర్థం కావు బాబూ, మేడమ్‌ని అడుగు" అని నాకే ఇచ్చారు. అప్పటికే వాడు పెట్టేశాడు.

ఇక మిగిలింది ఫొటోలు. మన ప్రొఫైల్ నుంచి పెట్టినవైతే మనమే తీసేయొచ్చు. వాడు తన సొంత అకౌంటు నుంచి వేసినవి మనం తీయలేం, రిపోర్టు మాత్రమే చేయగలం. అందులో ఒకటి మా కొట్టే కాదు, ఎవరిదో పెద్ద ఏసీ షోరూము. రిపోర్టు కొట్టాను. ఇంకా అలాగే ఉంది. అది చూసి వచ్చి, ఏసీ ఏదమ్మా అని అడిగేవాళ్ళకి ప్రస్తుతానికి ఫ్యాను తిప్పి చూపిస్తున్నాను.