కట్టే ఫ్లాటా, కట్టిన ఫ్లాటా: నెల్లూరులో మా తమ్ముడి కోసం వేసిన లెక్క

మా బాబాయి కొడుకు నెల్లూరులో ఫ్లాటు కొనాలనుకున్నప్పుడు, బ్యాంకులో గృహరుణాల పని చూసిన అనుభవం నాకు ఉందని సలహా అడిగాడు. అప్పటికే అతడు రెండు ఫ్లాట్లు చూసిపెట్టుకున్నాడు. ఒకటి మినీ బైపాస్ దగ్గర మూడో శ్లాబు పడిన అపార్టుమెంటులోది. ధర 44 లక్షలు, పద్దెనిమిది నెలల్లో తాళాలిస్తామన్నారు. రెండోది హరనాథపురంలో, కట్టడం పూర్తయి నివాసానికి తగినదని అధికారులిచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన భవనంలో అమ్ముడుపోకుండా మిగిలినది, బేరమాడితే 49.5 లక్షలకు దిగింది. ‘అన్నా, అయిదున్నర లక్షలు మిగులుతుంటే ఏడాదిన్నర ఆగలేనా?’ అన్నాడు.

ఆ అయిదున్నర లక్షలు నిజంగా మిగులుతాయా అన్నదే మొదట తేల్చవలసి వచ్చింది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ ఉంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అమ్మే ఫ్లాటుకు ఉండదు. నెల్లూరు వంటి ఊళ్లలో కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపల వాడుకునే నేల, 90 చదరపు మీటర్లు మించకుండా, ధర 45 లక్షలు దాటకుండా ఉంటే ఆ పన్ను 1 శాతమే, లేకపోతే 5 శాతం. ధర 44 లక్షలే గనుక 1 శాతం సరిపోతుందని బిల్డరు మనిషి చెప్పాడు. అయితే కొటేషన్ కాగితం అడుగున కారు పార్కింగుకూ, జనరేటరు, కరెంటు కనెక్షన్లకూ కలిపి మరో 2 లక్షలు రాసి ఉన్నాయి. 45 లక్షల పరిమితిని చూసేటప్పుడు ఇలాంటి వసూళ్లనూ ధరలో కలిపే లెక్కిస్తారు. అలా ధర 46 లక్షలైంది, పన్ను 2.30 లక్షలైంది, మొత్తం 48.30 లక్షలకు చేరింది. రిజిస్ట్రేషన్ ఖర్చు దేనికైనా తప్పదు కాబట్టి దాన్ని పోలికలోకి తీసుకోలేదు.

తర్వాత నిరీక్షణకయ్యే ఖర్చు లెక్కవేశాము. తమ్ముడి చేతిలో 12 లక్షలున్నాయి, మిగతాది 8.5 శాతం వడ్డీకి అప్పు. కట్టే ఫ్లాటుకు బ్యాంకు పని జరిగినకొద్దీ విడతలుగా డబ్బు విడుదల చేస్తుంది గనుక, సగటున సగం అప్పు మీద పద్దెనిమిది నెలలకు వడ్డీ దాదాపు 2.31 లక్షలు. ఆ కాలమంతా నెలకు 12,000 చొప్పున అద్దె 2.16 లక్షలు. అంతా కలిపితే 52.77 లక్షలు. సిద్ధంగా ఉన్నదానికి అద్దె ఉండదు కానీ, 37.5 లక్షల అప్పు మీద మొదటి రోజు నుంచే పూర్తి వడ్డీ పడుతుంది. ఏడాదిన్నరకు సుమారు 4.78 లక్షలు. దానితో మొత్తం 54.28 లక్షలు. అంటే కట్టే ఫ్లాటు వల్ల కలిసివచ్చేది అయిదున్నర లక్షలు కాదు, లక్షన్నర. అదైనా చెప్పిన గడువుకు తాళాలిస్తేనే. ఆలస్యమైన ప్రతి నెలా 12,000 అద్దె కరిగిపోతుంది కాబట్టి, ఏడాది ఆలస్యమైతే ఆ లక్షన్నర కూడా దాదాపుగా పోయినట్టే.

అందువల్ల గడువు ఎంతవరకు నమ్మదగినదో చూడవలసి వచ్చింది. స్థిరాస్తి ప్రాజెక్టులను నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఏపీ రెరా వెబ్‌సైటులో ఆ ప్రాజెక్టు వివరాలు తెరిస్తే, బిల్డరు నమోదు చేసుకున్న పూర్తి తేదీ నోటితో చెప్పినదానికంటే ఏడాది తర్వాత ఉంది. నేను ఈ తేదీకే ఎక్కువ విలువనిస్తాను. నోటిమాటను నిరూపించలేము, ఆలస్యానికి వడ్డీ గాని, డబ్బు వాపసు గాని అడిగే హక్కు ఒప్పందంలో రాసిన తేదీ దాటాకే మొదలవుతుంది. ఒప్పందం ముసాయిదాలో అదే రెరా తేదీ వేసి, దానిమీద మరో ఆరు నెలల వెసులుబాటు బిల్డరు రాసుకున్నాడు. పద్దెనిమిది నెలలని కాగితం మీద రాసివ్వమని తమ్ముడు అడిగితే, వాళ్లు ఒప్పుకోలేదు. నా దృష్టిలో అక్కడే విషయం తేలిపోయింది.

హరనాథపురం ఫ్లాటును ఉదయం అందరూ నీళ్లు వాడుకునే వేళ వెళ్లి చూశాము. పై అంతస్తులో కుళాయిలన్నీ ఒకేసారి తిప్పినా ధార తగ్గలేదు. బాత్‌రూము గోడకు అవతల, పడకగదిలో అడుగుభాగాన రంగు పొంగి, చెయ్యి పెడితే తడి తగిలింది. టైల్స్ సందుల నుంచి నీరు దిగుతోందని మేస్త్రీ చెప్పాడు. రిజిస్ట్రేషనుకు ముందే బిల్డరు చేత బాగుచేయించాము. కట్టే ఫ్లాటులో ఇలాంటి లోపం డబ్బంతా చెల్లించాక గాని కనబడదు.

తమ్ముడు సిద్ధంగా ఉన్నదే తీసుకున్నాడు. అతడి సహోద్యోగి ఒకరు వేదాయపాళెంలో తండ్రి ఇంట్లో ఉంటారు, అద్దె బెడద లేదు. ఆయనకు ఇదే లెక్కలో అద్దె తీసేస్తే కట్టే ఫ్లాటు మీద 3.67 లక్షలు మిగులుతాయి, ఆలస్యమైనా ఆ మిగులు కరిగిపోదు. అందుకే ఆయనను మినీ బైపాస్ ఫ్లాటే తీసుకోమన్నాను. అయితే అమ్మకపు ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతం మించి తీసుకునే హక్కు బిల్డరుకు లేదని చెప్పి, అంతవరకే చెక్కు రాయించాను.