నాన్న ప్రసంగం, మూడు నిమిషాలు

ఈ ఆదివారం ఉప్పల్‌లో మా ఇంట్లో జరిగిన పని ఒక్కటే, బడి వార్షికోత్సవంలో నాన్న చెప్పే ధన్యవాదాల ప్రసంగం. రోజూ బస్సులో భువనగిరి వైపు ఊరి బడికి వెళ్లొచ్చే హెడ్మాస్టర్ ఆయన. చెప్పేది ఆయన, టైపు చేసేది నేను.

"వేదికనలంకరించిన..." అని మొదలుపెట్టి, తనే ఆపేశారు. ఆ వరసలో పదిమంది పేర్లు చదివేసరికి ముందు కూర్చున్న పిల్లలు కొట్టుకోవడం మొదలుపెడతారట. పైగా ఒక్క పేరు తప్పిపోయినా ఏడాదంతా అలకే. అందుకే నాన్న పేర్లు చెప్పరు, పని చెబుతారు. ఊళ్లో పని చెబితే మనిషెవరో అందరికీ తెలుస్తుంది. చందాల మొత్తాలు కూడా చదవరు. డబ్బిచ్చినాయన లెక్క తేలుతుంది, చెమట పోసినాయన లెక్క ఎలా తేలుతుంది అంటారు.

చివరికి కుదిరింది ఇది:

"అమ్మలకు, అయ్యలకు నమస్కారం. ముందుగా మన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అధ్యక్షురాలికి, సభ్యులైన తల్లులకు దండం. నీళ్ల ట్యాంకు కడిగించారా లేదా అని నన్ను నిలదీసింది వాళ్లే. మీరు అడిగారు కాబట్టే పని జరిగింది.

బోరు మోటారు కాలిపోయినప్పుడు ట్రాక్టరుతో నీళ్లు తోలిన రైతన్నా, నువ్వు ఎక్కడో వెనక నిలబడి ఉంటావు, ముందుకు రా. సాయంత్రాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పిన డిగ్రీ పిల్లల్లారా, మీరూ లేచి నిలబడండి.

మీటింగుకు రమ్మంటే ఆ పూట కూలి వదులుకొని వచ్చిన తల్లిదండ్రులకు నేను బాకీ. మీ పిల్ల చదువు గురించి అడగడానికి ఇకముందూ రండి. నేనుంటాను."

దీని తర్వాత రెండు పేర్లు మాత్రం చెబుతారట, మధ్యాహ్న భోజనం వండే ఇద్దరివి. నియమం మీదేగా అన్నాను. "పొయ్యి దగ్గర ఉండేవాళ్ల పేరు మైకులో ఎవరూ పిలవరమ్మా" అన్నారు. ఆ మినహాయింపు నాకు నచ్చింది.

కమిటీని ముందు పెట్టడానికీ కారణం ఉంది. 2024లో సర్కారు బడుల బాగోగులు చూడటానికి ఈ కమిటీలు వచ్చాక మహిళా సంఘం అధ్యక్షురాలే దానికి పెద్ద, హెడ్మాస్టర్ కన్వీనర్. అయినా చాలా సభల్లో ఆమెకు దక్కేది చివరి కుర్చీ, చివరి వాక్యం.

ఫోన్‌లో టైమర్ పెట్టి చదివించాను. మూడు నిమిషాలు దాటలేదు. "సహకరించిన ప్రతి ఒక్కరికీ పేరుపేరునా" అనే వాక్యం అలవాటుగా దూరబోతే కొట్టేశాను. పేరుపేరునా అంటూ ఒక్క పేరూ చెప్పరుగా!

డాన్సుల మధ్యలో పెట్టుకోమన్నాను, జనం నిండుగా ఉంటారని. నాన్న ఒప్పుకోలేదు. తమ పిల్ల డాన్సు అయిపోగానే తల్లులు లేస్తారట, అది బర్రెల పాలు పితికే వేళ. అందుకని మొదటి పాటకు ముందే, పిల్లలు గజ్జెలు కట్టుకుంటుండగా మాట్లాడేస్తారు.